ఒక్క అక్షరం మారితే మొగుడు మాటకారి అవుతాడా?

ఆలుమగలు ఎందుకు సరిగ్గా మాట్లాడుకోవడం లేదో తెలుసుకోవడానికి ఇద్దరి పేర్లూ ఇంగ్లిషులో రాసిస్తే చాలంటున్నారు న్యూమరాలజీ వాళ్ళు. ఆ లెక్కకు వాళ్ళు పెట్టిన పేరు ఎక్స్‌ప్రెషన్ నంబర్. మనిషి తన మనసులోది ఎలా బయటపెడతాడో అది చెబుతుందట. నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో వాళ్ళ లెక్కతోనే చెబుతాను.

లెక్క కష్టమేమీ కాదు. A నుంచి I దాకా వరసగా 1 నుంచి 9 వేయాలి. J దగ్గర మళ్ళీ 1, S దగ్గర మళ్ళీ 1. పూర్తి పేరులోని అక్షరాలన్నిటికీ అంకెలు వేసి కూడి, ఒక్క అంకె వచ్చేదాకా కుదించాలి. 11, 22, 33 వస్తే మాత్రం అలాగే ఉంచుతారు. మన మార్కాపురం పలక ఒకటి, బలపం ఒకటి ఉంటే చాలు.

మన వైపు వీధికొకరు ఉండే పేర్లే తీసుకుందాం. ఇంటిపేరు పక్కన పెడదాం. LAKSHMI అని రాస్తే 3, 1, 2, 1, 8, 4, 9. మొత్తం 28, అంటే 10, అంటే 1. తన మాటే నెగ్గాలనుకునే మనిషి అంటారు. SRINIVASULU కూడితే 48, అంటే 12, అంటే 3. సరదాగా కబుర్లు చెప్పే మనిషి. 1కీ 3కీ బాగా కుదురుతుందని చాలా పట్టికల్లో ఉంటుంది. శుభం!

ఇప్పుడు అదే లక్ష్మిని రేషన్ కార్డులో LAXMI అని రాశారనుకోండి. మొత్తం 23, అంటే 5. ఒకచోట నిలవని, స్వేచ్ఛ కోరే మనిషి. అదే శ్రీనివాసులు పదో తరగతి సర్టిఫికెట్టులో SREENIVASULU. మొత్తం 49, అంటే 13, అంటే 4. ముక్తసరిగా, పట్టుదలగా మాట్లాడే మనిషి. 4కీ 5కీ పడదంటారు. ఇల్లు అదే, పొయ్యి అదే, మనుషులు వాళ్ళే. కార్డు మారేసరికి కాపురం చెడింది!

తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఇంకో మాట. లక్ష్మిలోని 'క్ష'ను ఇంగ్లిషులో రాయడానికి ఒకరికి మూడక్షరాలు కావాలి, ఇంకొకరికి ఒక X చాలు. పలికే నోరు ఒకటే. మరి ఆ అంకె ఆమె మాటతీరుదా, రాసినవాడి అలవాటుదా?

పుట్టినప్పటి పేరే లెక్క అంటారు. మా ఈడు ఆడవాళ్ళలో పుట్టిన సర్టిఫికెట్టు ఎందరికి ఉంది? బడిలో చేర్చిన రోజు అయ్యవారు ఎలా రాస్తే అదే మన స్పెల్లింగు. పోనీ అందరూ ఒకే పట్టిక వాడతారా అంటే అదీ లేదు. కాల్డియన్ పద్ధతిలో ఏ అక్షరానికీ 9 ఇవ్వరు, మిగతా విలువల్లోనూ చాలా వేరు. దాని ప్రకారం మన SRINIVASULU 37, అంటే 10, అంటే 1. కబుర్లవాడు కాస్తా పెత్తందారు అయ్యాడు. అంతెందుకు, మన ఊరినే MARKAPUR అంటే 9, MARKAPURAM అంటే 5. ఊళ్ళో ఎవరి మాటైనా మారిందా?

"మా వారి గురించి చెప్పింది అచ్చంగా సరిపోయింది" అనే అక్కలు ఉన్నారు. ఒక పని చేయండి. తొమ్మిది అంకెల వర్ణనలనూ అంకెలు తీసేసి రాసి, మీ వారిది ఏదో పట్టుకోండి. మూడు నాలుగు సరిపోతాయి. కోపంలో ఉన్న రోజు ఒకటి, పండగనాడు ఇంకొకటి.

ఈ వంకనైనా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు కదా అనొచ్చు. మాట్లాడుకుంటే మంచిదే. కానీ మన మార్కాపురం వైపు ఆయన హైదరాబాదులోనో బెంగుళూరులోనో పనిలో ఉంటే, ఆమె ఇక్కడ బిందెలతో ట్యాంకరు కోసం చూస్తుంటే, రాత్రి ఫోనులో రెండు ముక్కలకు మించి రావు. అప్పు సంగతి ఎత్తితే ఆయన గదమాయిస్తాడని ఆమె నోరు మూసుకుంటుంది. అలాంటి ఇంట్లో "ఆయనది 4 అమ్మా, ఆయన అంతే" అని చెబితే ఏమవుతుంది? ఆయన జవాబు చెప్పుకోవలసిన పని పోయింది. సర్దుకోవడం మళ్ళీ ఆమె వంతే. నాకు కోపం అక్కడే.

పైగా పరిహారమంటూ పేరుకో అక్షరం తగిలిస్తారు. ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఒకలా ఉన్న పేరుతో ఆఫీసుల చుట్టూ తిరిగేదీ మనమే. ఆయన ఎందుకు మాట్లాడడో తెలియాలంటే ఆయన్నే అడగాలి. దానికి తెలుగు చాలు, స్పెల్లింగు అక్కర్లేదు.