హన్మకొండలో 7 లక్షలా? హైదరాబాద్‌లో 10 లక్షలా?

వరంగల్ శివార్లలోని మడికొండ ఐటీ పార్కులో 2020లో సైయెంట్, టెక్ మహీంద్రా కార్యాలయాలు తెరిచాయి. అప్పటి నుంచి ఆ ప్రాంతపు ఇంజినీరింగ్ కుర్రాళ్ల ఇళ్లలో ఒక వాదన నడుస్తూనే ఉంది. సొంత ఊళ్లో తక్కువ జీతం మేలా, హైదరాబాద్‌లో ఎక్కువ జీతం మేలా? ‘అద్దెలకే పోతుంది కదరా, ఇక్కడే ఉండు’ అంటారు పెద్దవాళ్లు. ‘ఇక్కడ ఉంటే ఎదుగుదల ఉండదు’ అంటాడు కొడుకు. ఇద్దరి మాటలోనూ నిజముంది కానీ, కాగితం మీద లెక్క వేసి చూసేవాళ్లు తక్కువ.

మూడేళ్ల అనుభవం ఉన్న ఒక టెస్టింగ్ ఇంజినీరును ఊహించుకుందాం. హైదరాబాద్ కంపెనీ ఏడాదికి 10 లక్షల ప్యాకేజీ ఇస్తానంది, వరంగల్ కంపెనీ 7 లక్షలంది. పైకి కనిపించే తేడా నెలకు 25,000. కానీ ప్యాకేజీ అంతా చేతికి రాదు. బేసిక్ అందులో సగం అనుకుంటే, 10 లక్షల్లో కంపెనీ కట్టే పీఎఫ్ 60,000, గ్రాట్యుటీ పేరిట చూపేది దాదాపు 24,000, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే ఓ లక్ష. ఇవి పోగా మిగిలిన దాంట్లోంచి ఉద్యోగి వాటా పీఎఫ్, వృత్తి పన్ను 200 కోస్తే నెలకు చేతికొచ్చేది సుమారు 63,000. ఇదే పద్ధతిలో 7 లక్షలకు 44,000 వస్తుంది. కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయ పన్ను పడదు కాబట్టి ఇద్దరికీ ఆ బెడద లేదు. అంటే కాగితం మీది 25,000 తేడా బ్యాంకు ఖాతాకు చేరేసరికి 19,000 అయింది.

కుర్రాడికి పెళ్లి కాకపోతే చర్చే అక్కర్లేదు. మాదాపూర్ వైపు హాస్టల్‌లో తిండితో కలిపి 10,000, ఇతర ఖర్చులకు మరో 10,000 పోయినా నెలకు 43,000 మిగులుతుంది. హన్మకొండలో అమ్మానాన్నల దగ్గరే ఉండి 8,000తో గడుపుకున్నా మిగిలేది 36,000. అద్దె భయం హాస్టల్‌లో ఉండేవాడిది కాదు. సంసారం పెట్టినవాడిది.

పెళ్లయ్యాక లెక్క తిరగబడుతుంది. కొండాపూర్ వైపు రెండు పడకగదుల ఫ్లాటుకు మెయింటెనెన్స్‌తో 28,000, రాకపోకలకు 5,000, ఇంటి ఖర్చుకు 17,000 వేసుకుందాం. మొత్తం 50,000 పోయి 13,000 మిగులుతుంది. హన్మకొండలో అద్దె 11,000, బండికి 2,000, ఇంటికి 14,000. మిగిలేది 17,000. బియ్యం, నూనె, ఫోను బిల్లు, బండి ఈఎంఐ ఎక్కడైనా దాదాపు ఒకటే కాబట్టి ఇంటి ఖర్చులో పెద్ద తేడా రాదు. తేడాలో ఎక్కువ భాగం అద్దెదే. దీంతో హన్మకొండ నెలకు 4,000 ముందుంది. చాలామంది లెక్క ఇక్కడే ఆపేసి ‘చూశావా’ అంటారు.

వాళ్లు వదిలేసేది పీఎఫ్. హైదరాబాద్ ఉద్యోగిది రెండు వాటాలూ కలిపి నెలకు 10,000 జమవుతుంది, వరంగల్ ఉద్యోగిది 7,000. ఆ 3,000 కంటికి కనిపించకపోయినా పొదుపే. వేరియబుల్ పేలో ఇద్దరికీ డెబ్బై శాతమే వచ్చిందనుకున్నా హైదరాబాద్ వైపు ఏడాదికి 21,000 ఎక్కువ. నెలకు పంచితే 1,750. గ్రాట్యుటీని మాత్రం నేను కలపను. సాధారణంగా అయిదేళ్లు ఒకే చోట పనిచేస్తే గానీ అది రాదు, ఈ రంగంలో అన్నాళ్లు ఆగేవాళ్లు అరుదు. ఇవన్నీ చేరిస్తే హన్మకొండ ఆధిక్యం కరిగి ఇద్దరూ సమానమవుతారు. మొదటి ఏడాది పొదుపును చూసి నిర్ణయం తీసుకుంటే నాణెం ఎగరేసినట్టే.

కాబట్టి నాలుగో ఏడు చూడాలి. ఇద్దరికీ ఏటా 8 శాతం పెరిగిందనుకుందాం. హైదరాబాద్ వాడు కదలకుండా అదే కంపెనీలో ఉంటే 12.6 లక్షలకు చేరతాడు, వరంగల్ వాడు 8.8 లక్షలకు. చేతికొచ్చే జీతంలో తేడా 24,000 అవుతుంది. ఈలోగా రెండు ఊళ్ల ఖర్చుల మధ్య తేడా కూడా 23,000 నుంచి 27,000కు పెరుగుతుంది. పీఎఫ్ కలుపుకుంటే మళ్లీ సమానమే. నగరంలో ఉంటూ కదలనివాడు ట్రాఫిక్‌ను ఊరికే భరించినట్టు.

హైదరాబాద్ వాడు నాలుగో ఏట 8 శాతానికి బదులు 30 శాతం పెంపుతో కంపెనీ మారితే ప్యాకేజీ 15 లక్షలు దాటుతుంది. అప్పుడు ఆదాయ పన్ను మొదలవుతుంది. అది పోగా కూడా చేతికి దాదాపు 89,000 వస్తుంది. ఖర్చుల తేడా తీసేసి పీఎఫ్ కలిపితే హన్మకొండ కంటే నెలకు 13,000 పైచిలుకు ముందుంటాడు. ఈ రంగంలో జీతం గట్టిగా పెరిగేది కంపెనీ మారినప్పుడే. మడికొండలో మారాలంటే ఎన్ని తలుపులున్నాయి? ఈ లోటు యాజమాన్యాలకూ తెలుసు. వదిలి వెళ్లలేడని తెలిసిన ఉద్యోగికి ఎవరూ ఎదురిచ్చి పెంచరు.

దీన్ని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంతో పోల్చి చూడండి. బేసిక్ ఎక్కడైనా ఒకటే. ఇంటి అద్దె భత్యం హైదరాబాద్‌లో 30 శాతం, వరంగల్, విజయవాడ వంటి చోట్ల 20 శాతం. 50,000 బేసిక్ మీద తేడా 5,000 మాత్రమే. అద్దెల్లో తేడా దానికి మూడింతలు. పదోన్నతి సీనియారిటీని బట్టి వస్తుంది, ఊరిని బట్టి కాదు. అక్కడ చిన్న పట్టణమే నిస్సందేహంగా మేలు. ప్రైవేటు ఉద్యోగానికి ఆ తర్కాన్ని అరువు తెచ్చుకోవడమే చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

ఈ లెక్కను మొత్తం తలకిందులు చేసేది భార్య లేదా భర్త ఉద్యోగం. భార్య హన్మకొండ జిల్లాలో సెకండరీ గ్రేడ్ టీచరైతే, ఆ పోస్టు జిల్లా కేడరుది. వేరే జిల్లాకు బదిలీ దొరకడం ఎంత కష్టమో 2021లో వచ్చిన 317 జీవో తర్వాత రోడ్డెక్కిన టీచర్ దంపతులను అడిగితే చెబుతారు. ఆమె జీతం వదులుకుని హైదరాబాద్ వెళ్లడానికి 13,000 ఏపాటి? ఆమె కూడా సాఫ్ట్‌వేరే అయితే హన్మకొండలో రెండో ఉద్యోగం దొరక్క ఇంట్లో ఒక జీతం ఆగిపోయే ప్రమాదముంది. ఆ నష్టాన్ని ఏ అద్దె మిగులూ పూడ్చలేదు.

చిన్న పట్టణపు ఆఫర్ చేతిలో ఉన్నవాళ్లు జీతం బేరమాడే ముందు కొన్ని సంగతులు అడగాలి. ఇక్కడి ఆఫీసులో లీడ్, మేనేజర్ స్థాయి వాళ్లు ఎందరు కూర్చుంటారు? అందరూ హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో పలికేవాళ్లే అయితే మూడేళ్ల తర్వాత ఎక్కడానికి మెట్టు ఉండదు. ప్రాజెక్టు ముగిస్తే బెంచ్ మీద ఇక్కడే ఉంచుతారా, వెళ్లిపొమ్మంటారా? హైదరాబాద్‌కు మారితే జీతం అక్కడి స్థాయికి సవరిస్తారా? మూడో ప్రశ్నకు రాతపూర్వకంగా ‘అవును’ అంటే మాత్రం హన్మకొండ వైపు మొగ్గవచ్చు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న ఏళ్లను పెద్దవాళ్ల దగ్గర గడిపి, తర్వాత తలుపు తెరుచుకునే వీలుంటుంది.

ప్రభుత్వాలు కూడా ఈ కోణంలో ఆలోచించడం లేదు. తెలంగాణలో కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, మహబూబ్‌నగర్‌లలో ఐటీ టవర్లు కట్టారు. ఎన్ని సీట్లు అన్నదే ప్రచారమైంది గానీ, పక్కపక్కన పోటీపడే కంపెనీలు ఎన్ని అన్నది ఎవరూ అడగలేదు. విశాఖలో కథ వేరుగా మొదలైంది. 2023లో ఇన్ఫోసిస్ వచ్చింది, 2025లో టీసీఎస్‌కు, కాగ్నిజెంట్‌కు 99 పైసలకే భూమి ఇచ్చారు. ఆ ధర మీద ఎంత వాదించుకున్నా, ఈ మూడూ నిండుగా నడిస్తే ఉద్యోగి ఊరు మారకుండా కంపెనీ మారగలడు. వరంగల్‌కు ఇంకో అయిదారు యాజమాన్యాలు వచ్చేదాకా, ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న జంటకు నేను హైదరాబాద్ రైలే ఎక్కమంటాను.