ఇంగ్లీష్ ఆగిపోయిందా? మళ్ళీ బేసిక్స్ జోలికి పోకండి



కొంచెం ఇంగ్లీష్ వచ్చినోడు ఎవరైనా "రెండేళ్ల నుంచి అక్కడే ఉన్న" అంటే చాలు, సలహా రెడీగా ఉంటది: నీ బేసిక్స్ వీక్, మొదటి నుంచి చెయ్. ఈ సలహా నాకు మింగుడు పడదు. వాడు మళ్ళీ టెన్సుల టేబుల్ రాస్తడు, రోజుకు పది పదాలు బట్టీ పడతడు, వీడియోలు చూస్తడు. అవన్నీ వాడికి వచ్చిన పనులే. వచ్చినదాన్నే చేస్తుంటే హాయిగా ఉంటది, అంతే.

ఆగేది ఎందుకంటే, మన మాట ఎదుటోళ్లకు అర్థమైపోతది. "ఐ డిడ్ నాట్ వెంట్" అన్నా పని జరుగుతది, ఎవరూ దిద్దరు. రోజూ అట్లనే మాట్లాడితే ఆ తప్పే నోటికి అలవాటైతది. కాబట్టి "మాట్లాడుతూ ఉండు, అదే వస్తది" అనే మాట కూడా సగమే నిజం.

మా రూమ్‌లో డిగ్రీ సెకండియర్ తమ్ముడు ఒకడు, ఊర్లో ఇప్పపువ్వు ఏరడం గురించి ఫోన్‌లో 4 నిమిషాలు ఇంగ్లీష్‌లో రికార్డు చేసిండు. తర్వాత అది వింటూ, ఏమీ దిద్దకుండా, ఉన్నదున్నట్టు నోటుబుక్కులో రాసిండు. గంట పట్టింది. లెక్కపెడితే 12 తప్పులు. అందులో 8 ఒకటే రకం: "పీపుల్ ఆర్ గోయింగ్", "దే ఆర్ కలెక్టింగ్", "దే ఆర్ డ్రైయింగ్". ఏటేటా జరిగే పని కాబట్టి "దే కలెక్ట్" అనాలె. మనం "ఎండాకాలంలో ఏరుతరు" అనేది అదే. "ఇప్పుడు ఏరుతున్నరు" అన్నప్పుడే "దే ఆర్ కలెక్టింగ్". ఈ రూల్ వాడికి తెలుసు, పరీక్షలో ఖాళీలు కరెక్టుగానే నింపుతడు. నోట్లో మాత్రం లేదు. టేబుల్ వందసార్లు రాసినా ఈ సంగతి బయటపడేది కాదు.

ఆ ఒక్క తప్పునే పట్టుకున్నడు. వాక్యాలు దిద్దుకొని, అదే విషయం ముగ్గురికి చెప్పిండు: మొదటోనికి 4 నిమిషాల్లో, రెండోవానికి 3, మూడోవానికి 2. భాష నేర్పే టీచర్లు వాడే పద్ధతే ఇది. విషయం పాతదే కాబట్టి ధ్యాస మాట మీద నిలుస్తది. టైమ్ తగ్గేకొద్దీ తెలుగులో అనుకొని మార్చుకునే తీరిక ఉండదు. హాస్టల్లో వినేటోళ్లకు కొదవా? కానీ ముందు రాసి దిద్దుకోకపోతే తప్పులే స్పీడుగా వస్తయి. వినేటోడు ఆ ఒక్క తప్పు దగ్గరే చెయ్యి ఎత్తాలె, మిగతావి వదిలెయ్యాలె. అన్నీ దిద్దితే వాడు నోరే తెరవడు.

ఫలితం చూసేది అదే టాపిక్ మీద కాదు, అది బట్టీ అయిపోయి ఉంటది. వారం తర్వాత మా మెస్ గురించి రికార్డు చేయించినం. ఆ రకం తప్పులు 3 వచ్చినయి. ఇప్పుడు "ద" ఎక్కడ పెట్టాలె, ఎక్కడ వద్దు అనేదాని మీద కూర్చున్నడు. మన భాషల్లో దానికి సరిసమానమైన మాట లేదు కాబట్టి అది ఇంత తొందరగా తేలేటట్టు లేదు.