అలారం మోగలేదంటే ముందు మనిషిని కాదు, ఫోన్‌ని అడగండి

పరీక్షల సీజన్ కదా, ఈ మాట ఇప్పుడే రాయాలనిపించింది.

మన హాస్టల్ జూనియర్ ఒకడు, మందస వైపు కొండ ఊరి కుర్రాడు, విశాఖలో పరీక్షకి పలాస నుంచి తెల్లవారుజాము పాసింజరు ఎక్కాలి. మూడున్నరకి అలారం పెట్టాడు. మోగలేదు. లేచేసరికి ఆరు దాటింది, బండి ఎప్పుడో వెళ్లిపోయింది. "ఏటిరా, శుభ్రంగా తొంగున్నావా?" అని అందరూ నవ్వారు. వాడు మాత్రం ఒకటే మాట: "అన్నా, ఇదే ఫోను, ఇదే యాప్, ఇంటి దగ్గర రోజూ మోగేది."

వాడు చెప్పింది నిజమే. ఇంటి దగ్గర ఫోను రాత్రంతా చార్జింగులో ఉండేది. హాస్టల్ గదిలో ఉన్నది ఒక్క ప్లగ్గు, అది ఎప్పుడూ సీనియర్లదే. తేడా అంతా అక్కడే ఉంది.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్లలో డోజ్ అనే పద్ధతి ఉంది. ఫోను చార్జింగులో లేకుండా, కదలకుండా, తెర ఆరిపోయి చాలాసేపు పడుంటే అది గాఢనిద్రలోకి పోతుంది. అప్పుడు యాప్‌లు పెట్టుకున్న మామూలు టైమర్లను వెనక్కి నెడుతుంది. ఫోనుతో వచ్చిన గడియారానికి ఈ అడ్డు లేదు. ఎందుకంటే "ఇది నిజమైన అలారం" అని అది సిస్టమ్‌కి ముందే చెప్పి ఉంచుతుంది. బయటి నుంచి దించుకున్న యాప్ సరిగ్గా రాసింది కాకపోయినా, దానికి Alarms & reminders అనుమతి లేకపోయినా అలారం ఆలస్యమవుతుంది. దీనికితోడు కొన్ని ఫోన్లు బ్యాటరీ మిగల్చాలని యాప్‌ని పూర్తిగా ఆపేస్తాయి. చార్జింగు పెట్టిన ఫోను డోజ్‌లోకి పోదు. అందుకే ప్లగ్గు దొరికినోడి అలారం మోగుతుంది, దొరకనోడిది మోగదు. మాటలు మాత్రం దొరకనోడే పడతాడు.

చాలామంది "సైలెంట్‌లో పెట్టుంటావులే" అంటారు. ఎక్కువ ఫోన్లలో సైలెంట్ పెట్టినా అలారం మోగుతుంది, దాని వాల్యూమ్ వేరే ఉంటుంది. అది సున్నాకి దగ్గరగా ఉందేమో సెట్టింగ్స్‌లో చూడాలి. అసలు జాగ్రత్త పడాల్సింది Do Not Disturb దగ్గర. పదిమంది పడుకునే గదిలో అది పెట్టడం మర్యాదే, తప్పు కాదు. కానీ అందులో మినహాయింపుల జాబితా ఉంటుంది. అక్కడ Alarms ఆపేసి ఉంటే అలారం సమయానికి వచ్చినా సద్దు చెయ్యదు.

ఏది అడ్డుపడిందో పొద్దున్నే ఫోను చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అలారం తప్పిపోయిందని నోటిఫికేషన్ ఉంటే అది సమయానికి వచ్చింది, మీకు వినపడలేదంతే. వాల్యూమూ, Do Not Disturb చూసుకోండి. నోటిఫికేషన్ ఏమీ లేకుండా, లాక్ తీయగానే అప్పుడు మోగిందంటే అది బ్యాటరీ పనే. మనవాడి ఫోను ఆరింటికి చేతిలోకి తీసుకోగానే మోగింది!

తర్వాత మేము పరీక్షించి చూశాం. పది నిమిషాలకి అలారం పెడితే ఆ యాప్ బాగానే మోగింది, ఎందుకంటే అంతలో ఫోను గాఢనిద్రలోకి పోదు. మధ్యాహ్నం చార్జర్ తీసేసి, బల్లమీద కదపకుండా మూడు గంటలు వదిలేస్తే మోగలేదు. అదే రోజు అలాగే ఫోనులోని గడియారంతో చూస్తే నిమిషం తేడా లేకుండా మోగింది. కాబట్టి ముఖ్యమైన రోజుకి ఫోనుతో వచ్చిన గడియారమే వాడండి. వేరే యాప్ కావాలంటే దాని బ్యాటరీ సెట్టింగు Unrestricted చెయ్యండి, అలారం అనుమతి ఇవ్వండి. యాప్ పేజీలో Force stop మాత్రం నొక్కొద్దు, నొక్కితే పెట్టిన అలారాలు రద్దైపోతాయి. పడుకునే ముందు తెర పైన అలారం గుర్తు ఉందో లేదో ఒకసారి చూడండి. ఫోను పూర్తిగా చచ్చిపోతే మాత్రం ఏ సెట్టింగూ కాపాడదు.

నా అభిప్రాయం ఒక్కటే. తక్కువ ధర ఫోను, సగం చార్జింగు, గదికి ఒక ప్లగ్గు, ఇవన్నీ కలిసి చేసిన పనికి "మన పిల్లలు బద్ధకస్తులు" అనే పేరు పడకూడదు. బయటివాళ్లు ఆ మాట ఎలాగూ అంటారు, మనమే మన తమ్ముళ్లని అనడమేటి? పలాసైనా టెక్కలైనా, మన హాస్టళ్లలో సీనియర్లు ఒక నియమం పెట్టండి: తెల్లారి బండి ఎక్కాల్సినోడికే ఆ రాత్రి ప్లగ్గు. దానికి వార్డెన్ అనుమతి కూడా అక్కర్లేదు.