సగటు మార్కు చాటున ఏం దాక్కుంటుంది?

ఒక స్కూల్ ప్రిన్సిపల్‌కి ఏడాది చివర్లో రేటింగ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ రాయమని మీకు పని అప్పగించారనుకోండి. నాలుగు అంశాలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు. అన్నీ కూడి నాలుగుతో భాగిస్తే అయిపోయింది కదా! నేనూ ఇంజినీరింగ్ చదివినవాణ్నే, నా చెయ్యి కూడా ముందు సగటు మీదకే పోతుంది. కానీ ఈ పనిలో సగటు తప్పుదారి పట్టిస్తుందన్నది నా వాదన.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ఏం చేస్తుందో చూడండి. అక్కడ ప్రిన్సిపల్‌ని నాలుగు ప్రమాణాల మీద తూస్తారు: బోధనకు నాయకత్వం, స్కూల్ నిర్వహణ, తల్లిదండ్రులతోనూ ఊరితోనూ సంబంధాలు, సిబ్బందిలో వృత్తి సంస్కృతి. స్కూల్ మెరుగుదల కోసం ఏడాది మొదట్లో పెట్టుకున్న లక్ష్యాలు ఎంతవరకు వచ్చాయో కూడా చూస్తారు. ఒక్కో ప్రమాణానికి నాలుగు స్థాయిలు: అత్యుత్తమం, సమర్థం, మెరుగుపడాలి, అసంతృప్తికరం. తుది రేటింగ్‌కి లెక్కల సూత్రమేమీ లేదు. పై అధికారి సాక్ష్యాలు చూసి నిర్ణయిస్తారు. అయితే ఒక షరతు ఉంది. బోధనా నాయకత్వంలో కనీసం 'సమర్థం' రాకపోతే, మిగతా మూడింటిలో ఎంత బాగున్నా మొత్తం మీద 'సమర్థం' ఇవ్వకూడదు.

ఊహకి ఒక ప్రిన్సిపల్‌ని తీసుకుందాం. స్థాయిలకు మనమే 1 నుంచి 4 వరకు అంకెలు వేద్దాం. బోధన 2, నిర్వహణ 3, ఊరితో సంబంధాలు 4, వృత్తి సంస్కృతి 4. సగటు 3.25. మీ సాఫ్ట్‌వేర్ 'సమర్థం' అని పచ్చరంగు చూపిస్తుంది. మసాచుసెట్స్ నిబంధన ప్రకారం మాత్రం ఆ రేటింగ్ కుదరదు. నాకు ఈ నిబంధనే సబబుగా అనిపిస్తుంది. తరగతి గదిలో పాఠం సరిగ్గా సాగకపోతే, పేరెంట్స్ మీటింగ్ ఎంత ఘనంగా జరిగినా ఆ లోటు పూడదు.

ఇప్పుడు ఆ 2 ఎలా వచ్చిందో చూద్దాం. ప్రిన్సిపల్ ఫైల్‌లో 60 తరగతులు సందర్శించినట్టు ఉంది. అంకె పెద్దదే. కానీ అది చేసిన పని లెక్క మాత్రమే, దానివల్ల వచ్చిన మార్పు కాదు. అధికారి అడగాల్సింది వేరే: ఆ టీచర్‌కి రాసిచ్చిన సూచన ఏది? తర్వాత వెళ్లినప్పుడు పాఠంలో ఏం మారింది? 60 నోట్సులోనూ 'బాగుంది, కొనసాగించండి' అనే ఉంటే అక్కడే దొరికిపోతుంది. తేదీలు కూడా చూడాలి. సందర్శనలన్నీ ఏడాది చివరి నెలలోనే ఉంటే, అవి ఫైల్ కోసం చేసినవేమో అనుమానించాలి.

ఊరితో సంబంధాలకు వచ్చిన 4ని కూడా ఇలాగే తరచి చూడాలి. వార్షికోత్సవానికి 300 మంది వచ్చారన్న ఫొటో తేలిగ్గా దొరికే సాక్ష్యం. తరచూ బడి మానేస్తున్న పిల్లల ఇళ్లతో స్కూల్ మాట్లాడిందా, వాళ్ల హాజరు పెరిగిందా అన్నది గట్టి సాక్ష్యం.

మెరుగుదల అంకెలతో ఇంకో చిక్కు. గట్టెక్కిన పిల్లలు 60 శాతం నుంచి 70 శాతానికి పెరిగారంటే గొప్పగానే ఉంటుంది. తరగతిలో 20 మందే ఉంటే ఆ తేడా ఇద్దరు పిల్లలు! పైగా నిరుటి బ్యాచ్ వేరు, ఈ ఏటి బ్యాచ్ వేరు. అందుకే శాతం పక్కన పిల్లల సంఖ్య కూడా తప్పక కనిపించాలి.

'సూత్రం లేకపోతే అధికారి ఇష్టారాజ్యం కాదా?' అని మీరు అడగొచ్చు. ఆ ప్రమాదం నిజమే. అందుకే అక్కడ ఏడాది మధ్యలోనే ఒకసారి సమీక్ష ఉంటుంది. ప్రిన్సిపల్ తన సాక్ష్యాలు తానే ఇవ్వొచ్చు, రేటింగ్ మీద రాతపూర్వకంగా జవాబివ్వొచ్చు. సిబ్బంది అభిప్రాయాలూ లెక్కలోకి వస్తాయి. రేటింగ్ తక్కువైతే మెరుగుదల ప్రణాళిక కింద పనిచేయాలి. అంటే మీ స్క్రీన్ మీద ఒక రంగు, అవతల ఒకరి ఉద్యోగం.

మన దగ్గర కూడా నీపా రూపొందించిన శాలా సిద్ధి ఉంది. అది ప్రిన్సిపల్‌ని కాదు, మొత్తం బడిని ఏడు అంశాల్లో, మూడు స్థాయిల్లో అంచనా వేస్తుంది. రేపు ఏ ఎడ్‌టెక్ కంపెనీలోనో ఇలాంటి డ్యాష్‌బోర్డ్ మీ చేతికి రావచ్చు. అప్పుడు కోడ్ మొదలుపెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఏ అంశం పడిపోతే మిగతావి దాన్ని కాపాడకూడదు? ప్రతి అంకెని నొక్కితే దాని వెనకున్న సాక్ష్యం తేదీతో సహా తెరుచుకుంటుందా? రెండో ప్రశ్నకి 'లేదు' అని జవాబొస్తే, ఆ అంకెని స్క్రీన్ మీద పెట్టకండి.