ఉద్యోగం గ్యారంటీ లేదు, ఈఎంఐ మాత్రం గ్యారంటీ

కోడుమూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏదో ఒక కొలువు చేసుకుంటూ, రాత్రి పూట ఫోన్‌లో ఆన్‌లైన్ కోర్సుల ప్రకటనలు చూస్తున్నవారికి ఈ హెచ్చరిక. ముఖ్యంగా ‘ఆఫర్ ఈ రాత్రి 12 గంటల వరకే’ అని చదివి, ఆధార్ ఓటీపీ కొట్టడానికి సిద్ధంగా ఉన్నవారికి. ఆగండి. అదే ప్రకటన రేపు ఇంకో ఫోన్‌లో తెరిచి చూడండి. గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంటే అది ఆఫర్ కాదు, తొందరపెట్టే ఎత్తు. ఇలాంటి దొంగ తొందరను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లోనే నిషేధిత మోసపు పద్ధతుల జాబితాలో పెట్టింది.

‘వర్కింగ్ ప్రొఫెషనల్స్ కోసం’ అంటూ వచ్చే ఈ ప్రకటనల కింద ఒక వాక్యం ఉంటోంది: ‘మేము నైపుణ్యాలు నేర్పుతాం, ఉద్యోగానికి హామీ ఇవ్వం.’ మాట మంచిదే. ఉద్యోగం ఖాయమని బుకాయించేవారికన్నా ఇలా రాసేవారు నయం. కాకపోతే అది ఎక్కడ రాశారు, ఏ అక్షరాల్లో రాశారు, దాని పైన ఏం చెప్పారు అన్నది చూడాలి. వీడియోలో ఒకాయన చక్కటి తెలుగులో ‘ఆరు నెలల్లో జీవితం మారిపోతుంది, 12 లక్షల వరకు ప్యాకేజీ’ అంటాడు. వెనక పెద్ద కంపెనీల లోగోలు వరసగా పోతుంటాయి. హామీ లేదన్న మాట మాత్రం అడుగున, ‘మోర్’ నొక్కితే తప్ప కనబడని చోట, ఇంగ్లిషులో ఉంటుంది.

ఇది చట్టం ఒప్పుకోని పని. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ఈ సంగతి తేటగా చెప్పాయి. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి, అదే అక్షరాల్లో, కళ్లకు కనబడే చోట ఉండాలి. పైన చెప్పిన ముఖ్యమైన మాటను కింది షరతు కాదనకూడదు. అంటే పైన ‘జీవితం మారిపోతుంది’ అని తెలుగులో ఊరించి, కింద ఇంగ్లిషులో చేతులు దులుపుకుంటే కుదరదు.

ప్రకటన నిబంధన ప్రకారమే ఉన్నా, అసలు అమ్మకం జరిగేది ఫోన్‌లో. మీరు నంబర్ ఇచ్చిన కాసేపటికే కాల్ వస్తుంది. హామీ లేదని రాశారు కదా అని అడిగితే జవాబు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: ‘అది కంపెనీ రూల్ సార్, రాయక తప్పదు. మన బ్యాచ్‌లో అందరికీ వచ్చేస్తాయి సార్.’ ఇక్కడ మీరు చేయాల్సింది వాదన కాదు. ‘ఇప్పుడు చెప్పిందే వాట్సాప్‌లో రాసి పంపండి, చూసి కడతాను’ అనండి. రాసి పంపితే చేతిలో ఆధారం ఉంటుంది. ‘కాల్‌లోనే మాట్లాడుకుందాం’ అన్నారంటే, ఆ హామీ విలువెంతో వాళ్లే చెప్పేశారు.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు ఉన్నారనుకుందాం. జీతం 15,000. డేటా అనలిస్టు కోర్సు 60,000 రూపాయలు. ‘నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 5,000 చొప్పున 12 నెలలు, వడ్డీ సున్నా’ అంటారు. ఒకేసారి కడితే ఎంత అని అడిగితే 52,000 అంటారు. అంటే టీచరు నిజంగా తీసుకుంటున్న అప్పు 52,000, తీర్చేది 60,000. అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి లెక్క కడితే నూటికి నెలకు రెండుంపావలా పైనే వడ్డీ పడుతుంది, ఏడాదికి దాదాపు 27 శాతం. ఊళ్లో ఎవరైనా నూటికి రెండుంపావలా అడిగితే ముఖం చిట్లించే మనం, సున్నా అని రాసి ఉంటే తలూపేస్తాం. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

వడ్డీకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ ఈఎంఐ కోర్సు కంపెనీకి కట్టే ఫీజు కాదు. ఒక ఫైనాన్స్ సంస్థ మీ పేరున అప్పు రాసి, ఆ డబ్బు కోర్సు కంపెనీకి ముందే ఇచ్చేస్తుంది. ఓటీపీ కొట్టిన క్షణంలో మీరు సంతకం చేసింది అప్పు పత్రం మీద, దాంతోపాటు ఖాతాలోంచి నెలనెలా కోసుకునే అనుమతి మీద. రెండు వారాలకు క్లాసులు నచ్చక మానేసినా, కంపెనీయే మూతపడినా అప్పు ఆగదు. కంపెనీ రీఫండ్ ఇస్తానని ఒప్పుకున్నా, ఆ సొమ్ము ఫైనాన్స్ సంస్థకు చేరేదాకా వాయిదాలు పోతూనే ఉంటాయి. విసుగొచ్చి ఖాతా ఖాళీగా ఉంచితే బౌన్స్ చార్జీలు పడతాయి, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. రేపు బండి లోనుకో ఇంటి లోనుకో కర్నూలులో బ్యాంకుకు వెళ్తే ఈ కోర్సు అక్కడ ఎదురవుతుంది. తమకు తెలియకుండా లోన్లలో ఇరుక్కోవద్దనీ, ఆటో డెబిట్‌కు దూరంగా ఉండమనీ కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులను, విద్యార్థులను హెచ్చరించింది. ఉద్యోగస్తులకూ ఆ మాట అంతే వర్తిస్తుంది.

కాబట్టి ఓటీపీకి ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే కాగితం అడగండి. అందులో అప్పు ఇచ్చే సంస్థ పేరు, ఏడాది వడ్డీ శాతం, మనసు మార్చుకుంటే వెనక్కి వచ్చే గడువు ఉండాలి. రిజర్వు బ్యాంకు 2025లో తెచ్చిన డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం ఆ గడువు కనీసం ఒక రోజు. ఆలోపు అసలు, ఆ కొద్ది కాలానికి పడిన వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడవచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పట్టుకునే వీలుంది. నిన్న రాత్రి ఓటీపీ కొట్టినవారు ముందు ఈ గడువు చూసుకోండి, కోర్సు కంపెనీతో బేరం తర్వాత.

ఉద్యోగం సంగతి పక్కన పెట్టి, నైపుణ్యమే కొంటున్నామనుకుందాం. అప్పుడు దాన్నే తూకం వేయాలి. డెమో క్లాసు చూసి మోసపోకండి, అది బాగుండేలాగే చేస్తారు. కోర్సు మధ్యలోది, ఉదాహరణకు ఎస్‌క్యూఎల్‌లో రెండు టేబుళ్లను కలిపే పాఠం, ఒక రికార్డింగ్ చూపించమనండి. నేర్చుకునేవాళ్లు చేసిన పనిని ఎవరు దిద్దుతారో అడగండి. తప్పు ఎక్కడుందో రాసి చెప్పే మనిషి ఉంటేనే ఆ ఫీజుకు అర్థం. వీడియోలు మాత్రమే అయితే అవి ఉచితంగానే దొరుకుతాయి. ప్రభుత్వ స్వయం వేదికలో, ఎన్‌పీటీఈఎల్‌లో కోర్సులు డబ్బు లేకుండా చదవవచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. పవర్ బీఐ డెస్క్‌టాప్‌ను మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తోంది, విండోస్ కంప్యూటర్ ఒకటుంటే చాలు. బడి అయ్యాక, డ్యూటీ దిగాక రోజూ గంట కూర్చోగలమా అన్నది ముందు వీటితో నెల రోజులు తేల్చుకోండి. ఫోన్‌లోనే అంతా నేర్చుకోవచ్చనే మాట మాత్రం నమ్మకండి, ఈ పని కీబోర్డు మీద చేసేది.

ఇప్పటికే చిక్కుకున్నవారు ప్రకటన స్క్రీన్‌షాట్, అడుగున ఉన్న వాక్యంతో సహా, ఈ రోజే తీసి పెట్టుకోండి. పోస్టు రేపు ఉండకపోవచ్చు. రీఫండ్ కోరుతూ కోర్సు కంపెనీకీ ఫైనాన్స్ సంస్థకూ ఇద్దరికీ ఈమెయిల్ పెట్టండి. ఒక్కరికే పెడితే రెండోవారు తెలియదంటారు. కదలిక లేకపోతే 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ‘వివాదాలు బెంగళూరు కోర్టుల్లోనే’ అని షరతుల్లో రాసి ఉన్నా భయపడనక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, అంటే కోడుమూరు వారికి కర్నూలు కమిషన్. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. కానీ అక్కడ కాగితం అడుగుతారు. ‘ఫోన్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు’ అని మీరంటే, కోర్సు కంపెనీవాళ్లు ఆ చిన్న అక్షరాల వాక్యాన్నే తెచ్చి చూపిస్తారు. మీ దగ్గర వాట్సాప్ జవాబు ఉండాలి.