తీర్చేకొద్దీ బరువెక్కిన అప్పు

ఇండియన్ స్టోర్‌లో సోనామసూరి బస్తా ధర చూసి, "ఇవన్నీ మళ్ళీ పాత ధరలకు దిగొస్తే ఎంత బాగుణ్ణు" అనుకోనివాళ్ళు మనలో ఎవరుంటారు? కోరిక సహజమే. కానీ ఒక్క బియ్యం ధర దిగడం వేరు, దేశంలో ధరలన్నీ, వాటితోపాటు జీతాలూ కలిసి దిగడం వేరు. మొదటిది ఇంటికి లాభం. రెండోది ఈ అమెరికాలోనే 1929 నుంచి 1933 దాకా జరిగింది. ఆ నాలుగేళ్ళలో మామూలు జనం కొనే వస్తువుల ధరలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. 1933 వచ్చేసరికి పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. సరుకు చవగ్గా ఉంది, కొనడానికి చేతిలో డబ్బు లేదు. ఇలా ఎందుకైందో తెలియాలంటే ఆనాటి అప్పుల సంగతి చూడాలి.

అయోవా రాష్ట్రంలో ఒక మొక్కజొన్న రైతును ఊహించుకుందాం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ధాన్యం ధరలు బాగా పెరగడంతో అక్కడ చాలామంది అప్పు చేసి భూములు కొన్నారు. మన రైతుకు 1929లో 5,000 డాలర్ల అప్పు, నూటికి 6 వడ్డీ ఉందనుకుందాం. ఏడాదికి వడ్డీ 300 డాలర్లు. ఆ ఏడాది మొక్కజొన్న బుషెల్ ధర సుమారు 80 సెంట్లు. బుషెల్ అంటే 56 పౌండ్లు. అంటే వడ్డీ కట్టడానికి 375 బుషెళ్ళు అమ్మితే చాలు. 1932లో అదే బుషెల్ 32 సెంట్లకు పడిపోయింది. కాగితం మీద వడ్డీ మారలేదు, అదే 300 డాలర్లు. కానీ దానికి ఇప్పుడు 937 బుషెళ్ళు పైచిలుకు అమ్మాలి. పొలం అదే, చేతులు అవే.

ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కుదాం. ఈ రైతు చాలా పొదుపరి. భార్యాభర్తలు కడుపు కట్టుకుని, పాడి ఆవుల్ని అమ్మి, 1,000 డాలర్ల అసలు తీర్చేశారు. మిగిలింది 4,000. అప్పు ఐదో వంతు తగ్గిందని బ్యాంకు పుస్తకం చెబుతుంది. అదే అప్పును మొక్కజొన్నలో కొలిచి చూడండి. 1929లో 5,000 డాలర్లంటే 6,250 బుషెళ్ళు. 1932లో 4,000 డాలర్లంటే 12,500 బుషెళ్ళు. తీర్చిన తర్వాత అప్పు సరిగ్గా రెండింతలైంది.

నేను సైన్సు చదివినదాన్ని కాబట్టి నాకు ఇది ఇలా అర్థమైంది: మనం డాలర్‌ను కొలబద్ద అనుకుంటాం, కొలబద్ద మారదనుకుంటాం. ధరలన్నీ పడిపోతున్నప్పుడు ఆ కొలబద్దే సాగుతుంది. సంపాదన, పంట, ఇంటి విలువ కొత్త కొలతలోకి దిగిపోతాయి. అప్పు మాత్రం సంతకం పెట్టిన రోజు అంకె దగ్గరే నిలబడి ఉంటుంది.

ఈ సంగతిని పట్టుకున్నవాడు యేల్ యూనివర్సిటీ ఆర్థిక శాస్త్రవేత్త ఇర్వింగ్ ఫిషర్. 1929లో స్టాక్ మార్కెట్ కూలడానికి కొద్ది రోజుల ముందు షేర్ల ధరలు ఇక పైనే ఉంటాయని చెప్పి, ఆ తర్వాత తన ఆస్తి పోగొట్టుకుని అప్పుల పాలైన మనిషే ఈయన. 1933లో ఒక వ్యాసంలో దేశం మొత్తానికి లెక్క వేశాడు. అప్పటికి జనం డాలర్లలో తమ అప్పుల్ని సుమారు 20 శాతం తగ్గించుకున్నారు. కానీ టోకు ధరలు అంతగా పడడం వల్ల ఒక్కో డాలర్ బరువు సుమారు 75 శాతం పెరిగింది. 0.8ని 1.75తో గుణిస్తే 1.4 వస్తుంది. అంటే ఇంత కష్టపడి తీర్చాక కూడా నిజమైన అప్పు 40 శాతం పెరిగింది.

ఒక్క కుటుంబం ఖర్చు తగ్గించుకుని అప్పు తీరిస్తే మంచిదే. చిక్కంతా అందరూ ఒకేసారి తీర్చబోయినప్పుడు వస్తుంది. అందరూ ఒకేసారి పంట, పశువులు, షేర్లు, ఇళ్ళు అమ్మకానికి పెడితే కొనేవాళ్ళు లేక ధరలు పడతాయి. పైగా బ్యాంకు అప్పు ఇచ్చినప్పుడు ఎవరో ఒకరి ఖాతాలో కొత్త డిపాజిట్ పుడుతుంది. అప్పు తిరిగి కట్టినప్పుడు ఆ డిపాజిట్ మాయమవుతుంది. అలా చలామణిలో ఉన్న డబ్బే తగ్గిపోతుంది, ధరలు ఇంకా పడతాయి. ధరలు పడితే మిగిలిన అప్పు ఇంకా బరువెక్కుతుంది. అప్పుడు మళ్ళీ అమ్మకాలు. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ బుద్ధిగా ఇల్లు చక్కబెట్టుకుంటున్నారు, అందరూ కలిసి మునుగుతున్నారు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. అప్పు తీసుకున్నవాడికి బరువైతే అప్పు ఇచ్చినవాడికి అంత లాభమేగా? ఒకరి నష్టం ఇంకొకరి లాభంతో సరిపోవాలిగా? సరిపోదు. అప్పులో ఉన్న కుటుంబం చేతికొచ్చిన ప్రతి డాలర్‌నూ ఖర్చు పెడుతుంది. అప్పు ఇచ్చినవాళ్ళు సాధారణంగా కలిగినవాళ్ళు, అదనంగా వచ్చినదాన్ని దాచుకుంటారు. అది ఒకటి. రెండోది ఇంకా పెద్దది. బరువు ఒక హద్దు దాటాక రైతు అసలు కట్టలేడు. అప్పుడు బ్యాంకుకు మిగిలేది ఎవరూ కొనని పొలం. 1930 నుంచి 1933 మధ్య ఈ దేశంలో సుమారు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. వాటితోపాటు ఏ అప్పూ లేని, కేవలం డబ్బు దాచుకున్న మనుషులూ మునిగారు.

అయోవాలో, చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఆ రోజుల్లో పెన్నీ వేలాలు జరిగాయి. బ్యాంకు ఒక రైతు సామాను వేలం వేస్తే, ఇరుగుపొరుగు గుంపుగా వచ్చి గుర్రానికి, నాగలికి కొన్ని సెంట్లే పాడి, బయటివాళ్ళను పాడనివ్వక, కొన్నవన్నీ సాయంత్రానికి ఆ రైతుకే ఇచ్చేసేవారు. 1933 ఏప్రిల్‌లో అయోవాలోని లె మార్స్ ఊళ్ళో కోపంతో ఉన్న రైతులు పొలాల జప్తు కేసులు వినే జడ్జిని కోర్టులోంచి ఈడ్చుకెళ్ళి, మెడకు తాడు బిగించేదాకా వెళ్ళారు. ఆయన బతికి బయటపడ్డాడు.

మరి ఫెడరల్ రిజర్వ్ ఏం చేస్తోంది? మామూలుగా వ్యాపారాలు నెమ్మదిస్తే ఫెడ్ వడ్డీ తగ్గిస్తుంది, అప్పులు చవకవుతాయి, కొనుగోళ్ళు పుంజుకుంటాయి. 1929 అక్టోబర్‌లో 6 శాతం ఉన్న న్యూయార్క్ ఫెడ్ వడ్డీని 1931 మే నాటికి ఒకటిన్నర శాతానికి దించారు. చూడ్డానికి ఎంతో చవక. కానీ నిజ వడ్డీ అంటే కాగితం మీది వడ్డీలోంచి ధరల పెరుగుదల తీసేయగా వచ్చేది. ధరలు పెరగకుండా తగ్గుతుంటే తీసివేత కాస్తా కూడికవుతుంది. 1931లో ధరలు 9 శాతం తగ్గాయి. ఒకటిన్నరకు 9 కలిపితే నిజ వడ్డీ పదిన్నర శాతం. ఆ భారంతో అప్పు తెచ్చి కొత్తగా దుకాణం ఎవరు పెడతారు?

పోనీ, వడ్డీ ఇంకా దించొచ్చుగా? ఇక్కడ మన అమ్మమ్మల పోపుల పెట్టె గుర్తు తెచ్చుకోండి. అందులో దాచిన నోటుకు వడ్డీ సున్నా, కానీ అది తరగదు. బ్యాంకు సున్నాకంటే బాగా కిందికి వెళ్ళి మన డబ్బు కోసుకుంటే, మనం తీసుకొచ్చి పోపుల పెట్టెలో పెట్టుకుంటాం. అందుకే వడ్డీని సున్నాకు కొంచెం అటూ ఇటూ తప్ప అంతకంటే దించడం కుదరదు. ధరలు ఏడాదికి పది శాతం పడుతుంటే ఆ పెట్టెలోని నోటు, ఏ పనీ చేయకుండా, ఏ ప్రమాదమూ లేకుండా, పది శాతం సంపాదించినట్టే. దానికి మించి లాభం చూపించే వ్యాపారం ఎక్కడుంది? డబ్బంతా పెట్టెల్లో కూర్చుంటుంది. ఫెడ్ చేతిలోని మందు సరిగ్గా జబ్బు ముదిరినప్పుడే పనిచేయడం మానేస్తుంది.

దానికి తోడు అప్పుడు డాలర్ బంగారానికి కట్టేసి ఉంది. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ బంగారం ముడి విప్పేసుకుంది. డాలర్ కూడా అదే బాట పడుతుందన్న భయంతో బంగారం అమెరికా నుంచి తరలిపోసాగింది. దాన్ని ఆపడానికి ఆ అక్టోబర్‌లో న్యూయార్క్ ఫెడ్ వడ్డీని ఒకటిన్నర నుంచి మూడున్నరకు పెంచింది. ధరలు పడుతుండగా వడ్డీ పెంచడమంటే జ్వరంలో ఉన్నవాళ్ళ మీద దుప్పట్లు కప్పడమే.

వలయం తెగింది 1933లో. రూజ్‌వెల్ట్ వచ్చాక డాలర్‌కు బంగారంతో ఉన్న ముడి విప్పి, 1934 జనవరిలో ఔన్సు ధరను 20.67 డాలర్ల నుంచి 35 డాలర్లకు మార్చాడు. సాగిన కొలబద్దను కావాలనే కుదించడం అది. ధరలు ఇక పెరుగుతాయని జనం నమ్మితే పెట్టెలో నోటు కంటే చేతిలో సరుకు మేలవుతుంది. ధరలు 1933 వసంతం నుంచే లేవడం మొదలైంది. ఇంకోవైపు అప్పుల్నే తిరగరాశారు. అంతవరకు ఇళ్ళ అప్పులు ఎక్కువగా మూడు నుంచి ఐదేళ్ళవి, చివర్లో అసలంతా ఒకేసారి కట్టాల్సినవి. హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ సుమారు పది లక్షల ఇళ్ళ అప్పులను తాను తీసుకుని, పదిహేనేళ్ళ నెలవాయిదాలకు మార్చింది. మనం కట్టే ముప్పై ఏళ్ళ మార్ట్‌గేజ్‌కు అది పెద్దమ్మలాంటిది.

ఇదే గాలి మన ఊళ్ళకూ తగిలింది. కృష్ణా గోదావరి డెల్టాల్లో వరి ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు, షావుకారు నోటు రూపాయల్లో అలాగే ఉన్నాయి. 1931 తర్వాత దేశమంతటా ఇళ్ళలోని బంగారం అమ్ముడై ఓడలెక్కి వెళ్ళిపోయింది. చివరికి 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం తెచ్చి, పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీని కొట్టేసింది. అయోవాలో, గుంటూరులో మందు ఒకటే: కొలబద్దనైనా కుదించాలి, అంకెనైనా తగ్గించాలి.

ధరలు దిగిన ప్రతిసారీ ఇలా జరగదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో యంత్రాలు, రైళ్ళ వల్ల సరుకు చవకై ధరలు ఏళ్ళ తరబడి దిగినా దేశం ఎదిగింది, అప్పులున్న రైతులు మాత్రం అప్పుడూ గగ్గోలు పెట్టారు. ప్రమాదమంతా నెత్తిన చాలా అప్పు, ఎవరూ అనుకోని వేగంతో పడే ధరలు, రెండూ కలిసినప్పుడే.

ఫెడ్ ఏడాదికి 2 శాతం ధరల పెరుగుదలను లక్ష్యంగా పెట్టుకుంటుంది. సున్నా ఎందుకు పెట్టుకోదని చాలామంది అడుగుతారు. ఆ రెండు శాతం, వడ్డీ దించడానికి సున్నాకు పైన ఉంచుకున్న కాస్త చోటు. 2008 డిసెంబర్‌లో ఫెడ్ వడ్డీని సున్నా అంచుకు దించాక ఇంకా దించడానికి చోటు లేక, బాండ్లు కొని డబ్బు పంపాల్సి వచ్చింది. అప్పటి ఫెడ్ అధ్యక్షుడు బెన్ బెర్నాంకీ, 1930ల బ్యాంకుల పతనం మీద పరిశోధన చేసినవాడే.

2021లో 3 శాతానికి ఇంటి అప్పు తీసుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. 2022 జూన్ నాటికి ధరలు ఏడాదిలో 9.1 శాతం పెరిగాయి. కిరాణా బిల్లుకు గుండె గుభేలుమన్నా, ఆ ఏడాది వాళ్ళ అప్పు లోలోపల తేలికైంది. అయోవా రైతుకు జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. అందుకే "వడ్డీ ఎంత" అని వార్తల్లో విన్నప్పుడు పక్కనే "ధరలు ఎటు పోతున్నాయి, జీతాలు ఎటు పోతున్నాయి" అని కూడా చూడండి. వడ్డీ తక్కువగా ఉండి, ధరలూ జీతాలూ కలిసి దిగుతున్నాయంటే, అప్పు చవకగా దొరుకుతున్న కాలం కాదది, అప్పు బరువెక్కుతున్న కాలం.