కోళ్లకు అమ్మవారు: వానలకు ముందే అందరం కలిసి ఒక సీసా టీకా తెద్దాం



పోయిన వానాకాలం మా భవాని పేట్ గల్లీలో బీడీలు చుట్టే ఒక అక్కకు తొమ్మిది కోళ్లుంటే నాలుగు చచ్చిపోయాయి. గుడ్లమ్మిన డబ్బే ఆమె చేతిఖర్చు. ముందు తురాయి మీద, కనురెప్పల మీద ఉలిపిరికాయల్లాంటి కాయలు లేచాయి. అమ్మవారు పోసిందని అందరం అనుకున్నాం. నేను చదివింది తమిళ మీడియం, అక్కడ కూడా దీన్ని కోళి అమ్మై అనే అంటారు. ఇక్కడి మరాఠీ వాళ్లు దేవి అంటారు. పేరు ఏదైనా ఇది వైరస్ జబ్బు. మనుషులకు అంటదు.

అక్క యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి నీళ్లలో కలిపింది. ఆ మాత్రలు పుండు చీము పట్టకుండా చూస్తాయేమో గాని వైరస్‌ను చంపవు. చర్మం మీద మాత్రమే కాయలున్న కోళ్లు మూడు నాలుగు వారాల్లో వాటంతటవే కోలుకున్నాయి. చచ్చిన నాలుగింటికి నోట్లో, గొంతులో పసుపు రంగు పొర కట్టింది. మేత మింగలేక, ఊపిరాడక పోయాయి. పైగా మనం కాయల పొక్కులు గీకి పారేస్తాం. ఆ పొక్కుల్లో వైరస్ నెలల తరబడి బతుకుతుంది. గీకకండి, రాలినవి ఏరి కాల్చేయండి.

ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి దీన్ని మోసేది ముఖ్యంగా దోమ. జబ్బు కోడిని కుట్టిన దోమ వారాల పాటు ఇతర కోళ్లకు అంటించగలదు. మన సోలాపూర్‌లో నీళ్లు రోజూ రావు, అందుకే ప్రతి ఇంట్లో డ్రమ్ములు నింపి పెడతాం. మూత లేని డ్రమ్మే దోమల పుట్టిల్లు.

సంఘానికి కోళ్లతో ఏం పని అని కొందరు అడుగుతారు. పని ఉంది. టీకా సీసా ఒకటి వందల కోళ్లకు సరిపడా వస్తుంది. ఐస్‌లో తేవాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. అయిదారు కోళ్లున్న ఇల్లు ఒక్కటే ఎలా కొంటుంది? కాబట్టి మే నెలలో ఒక ఆదివారం పొద్దున పశువుల డాక్టరును పిలిచి, ఆరు వారాలు దాటిన కోళ్లన్నిటికీ ఒకేసారి వేయిద్దాం. రెండు మొనల సూదిని మందులో ముంచి రెక్కలోని పల్చని చర్మానికి గుచ్చుతారు, అంతే.

వారం పది రోజులకు రెక్క ఎత్తి చూడండి. గుచ్చిన చోట చిన్న వాపు, పొక్కు ఉంటే టీకా పట్టినట్టు. ఏ కోడికీ కనబడకపోతే మందు చెడిపోయి ఉండవచ్చు, మళ్లీ వేయించాలి. జబ్బు వచ్చిన కోడికి టీకా పనిచేయదు. కాని ఒకటి రెండింటికే వస్తే, మిగతా వాటికి వెంటనే వేయిస్తే చాలావరకు దక్కుతాయి.

వేపాకు కట్టడాన్ని నేను కాదనను. కట్టండి, టీకా కూడా వేయించండి. ఎవరింట్లో ఎన్ని కోళ్లున్నాయో కింద రాయండి, లెక్క నేను రాసి పెడతాను. రైల్వేలో ముప్పై ఏళ్లు చేసిన పని అదే కదా.